565 పేజీల తీర్పుకు ఒక పేజీ బ్రీఫ్: ఎలా చదవాలి, ఎలా రాయాలి

ప్రియమైన శ్రావణీ,

ఎస్సీ వర్గీకరణ తీర్పుకు బ్రీఫ్, అంటే ఒక పేజీ సారాంశం, రాసుకురమ్మని లా క్లాసులో అన్నారనీ, పీడీఎఫ్ తెరిస్తే 565 పేజీలున్నాయనీ, మొదటి నలభై పేజీలు హైలైటర్‌తో పసుపు చేశాక కూడా కోర్టు ఏం తేల్చిందో అర్థం కాలేదనీ రాశావు. ఎవరు చదివినా మొదటి నలభై పేజీల్లో అది తేలదు. అక్కడ ఉండేది కేసు చరిత్ర, లాయర్ల వాదనలే. కాబట్టి హైలైటర్ పక్కన పెట్టు, ఒక తెల్ల కాగితం తీసుకో. నేను ఏ వరసలో చదువుతానో ఇదే కేసు మీద చెప్తాను.

ముందు సరైన కాపీ దగ్గర పెట్టుకో. పంజాబ్ రాష్ట్రం వర్సెస్ దవీందర్ సింగ్, తీర్పు తేదీ 2024 ఆగస్టు 1, సుప్రీంకోర్టు సైట్‌లో 2024 INSC 562 అని కొడితే వస్తుంది. న్యూస్ పోర్టల్ రాసిన సారాంశం వద్దు, సీనియర్ల నోట్స్ ఇప్పుడే వద్దు. లా రిపోర్టులో తీర్పు పైన ఉండే హెడ్‌నోట్ ఎడిటర్ రాసింది. దారి చూసుకోవడానికి పనికొస్తుంది గానీ, దాన్ని కోర్టు మాటగా కోట్ చేస్తే మూట్ కోర్టు పోటీలో జడ్జి సీట్లో కూర్చున్నవాళ్ళు అక్కడికక్కడే పట్టుకుంటారు.

కాపీ తెరవగానే చూడాల్సింది, ఇది ఒక తీర్పా, కొన్ని తీర్పుల కట్టా అని. ఇందులో ఏడుగురు జడ్జీలు, ఆరు అభిప్రాయాలు ఉన్నాయి. ఒక్కో అభిప్రాయానికి పేరా నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. అందుకని ఊరికే "పేరా 50" అని రాసుకుంటే రెండు రోజుల తర్వాత అది ఎవరి పేరానో నీకే తెలియదు. జడ్జి పేరులో మొదటి అక్షరం, పక్కన పేరా నంబరు రాయి: "చం. 50", "గ. 50" అలా. పేజీ నంబరు మీద ఆధారపడకు, అది రిపోర్టు రిపోర్టుకీ మారుతుంది. కాగితం పైన ఆరు అభిప్రాయాలూ ఏ పేజీలో మొదలవుతాయో వరసగా రాసుకో. పది నిమిషాల పని, తర్వాత వెతుకులాట ఉండదు.

ఇక తీర్పు లోపలికి వెళ్ళకముందే రెండో పని. ఈ ఏడుగురూ ఎందుకు కూర్చున్నారు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకుంటే సగం తీర్పు తెలిసినట్టే. సుప్రీంకోర్టులో ఏడుగురి ధర్మాసనం ఊరికే కూర్చోదు. సాధారణంగా అంతకుముందు ఐదుగురు చెప్పినదేదో అడ్డుగా ఉంటుంది. ఇక్కడ అడ్డుగా ఉన్నది మన రాష్ట్రం కేసే: ఇ.వి. చిన్నయ్య వర్సెస్ ఆంధ్రప్రదేశ్, 2004. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000లో చట్టం చేసి ఎస్సీలను ఏ, బీ, సీ, డీ అని నాలుగు గ్రూపులు చేసి, 15 శాతం రిజర్వేషన్‌ను వాటి మధ్య 1, 7, 6, 1గా పంచింది. మాదిగ దండోరా గురించి మన ఇళ్ళలో విన్నదంతా దీని వెనక కథే. ఐదుగురు జడ్జీలు ఆ చట్టాన్ని కొట్టేశారు. రాష్ట్రపతి 341వ అధికరణం కింద ఇచ్చిన జాబితాలో ఉన్న కులాలన్నీ కలిసి ఒకే తరగతి, ఆ జాబితాను పార్లమెంటు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, లోపల గ్రూపులు చేయడమంటే దాన్ని ముట్టుకున్నట్టే అని వాళ్ళ తర్కం.

ఆ తర్కం పంజాబ్‌కు తగిలింది. అక్కడ ఎస్సీ కోటా ఖాళీల్లో సగం ముందు వాల్మీకి, మజహబీ సిక్కు కులాలకు ఇవ్వాలని 1975 నుంచి ఒక సర్క్యులర్ ఉండేది. చిన్నయ్య తీర్పు చూపించి 2006లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది పంజాబ్ అదే ఏర్పాటును చట్టంలో సెక్షన్ 4(5)గా తెచ్చింది. 2010లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళాక, 2020లో ఐదుగురి ధర్మాసనానికి చిన్నయ్య తప్పనిపించింది. కానీ ఐదుగురు చెప్పినదాన్ని మరో ఐదుగురు కొట్టేయలేరు. అందుకే ఏడుగురికి పంపారు.

బ్రీఫ్‌లో వాస్తవాలు అన్న చోట రాయాల్సింది ఇంతే. వాదనలు ఏ రోజుల్లో జరిగాయి, ఎవరి తరఫున ఏ సీనియర్ వచ్చారు, మధ్యలో ఏ దరఖాస్తులు పడ్డాయి, ఇవేవీ వద్దు. ఒక వాస్తవాన్ని ఉంచాలా తీసేయాలా అన్న సందేహం వస్తే, అది లేకపోతే కోర్టు ముందున్న ప్రశ్న మారిపోతుందా అని చూడు. పంజాబ్‌లో ఇచ్చింది సగం ఖాళీలకు మొదటి ప్రాధాన్యం అన్నది ఉండాలి, ఎందుకంటే మొత్తం ఖాళీలు ఇచ్చి ఉంటే వేరే ప్రశ్న వచ్చేది. సర్క్యులర్ నంబరు అక్కర్లేదు.

ప్రశ్న కూడా నీ సొంత మాటల్లో కాదు, కోర్టు మాటల్లోనే వెతుకు. అప్పటి సీజేఐ చంద్రచూడ్ అభిప్రాయానికి ముందు విషయసూచిక ఉంటుంది, అందులో ఇష్యూలు అన్న భాగానికి నేరుగా వెళ్ళు. నాలుగున్నాయి. రిజర్వేషన్ పొందే తరగతిని లోపల మళ్ళీ విభజించడానికి 14, 15, 16 అధికరణాలు ఒప్పుకుంటాయా? ఎస్సీలంతా ఒకే తీరు సమూహమా, వేర్వేరు స్థితుల్లో ఉన్నవాళ్ళ సమూహమా? 341వ అధికరణం వాళ్ళను ఒకే తరగతిగా భావించమంటోందా? విభజించవచ్చు అంటే దానికి హద్దులేమిటి? ఈ నాలుగూ కాగితం మీద రాసుకో. తర్వాత చదివే ప్రతి పేరా ఈ నాలుగింటిలో దేనికి జవాబు అని అడగాలి. దేనికీ కాకపోతే ఆ పేరా వేగంగా దాటేయొచ్చు, లేదా అది ఒబిటర్, అంటే తీర్పుకు అవసరం లేకుండా పక్కగా అన్న మాట, కావచ్చు. దాని సంగతి కింద చెప్తాను.

మూడో పని ఓట్ల పట్టిక. చాలామంది దీన్ని చివర చేస్తారు, అసలు చేయనివాళ్ళూ ఉన్నారు. నేనైతే ఒక్క పేజీ లోతుగా చదవకముందే వేస్తాను. నిలువుగా ఏడుగురి పేర్లు, అడ్డంగా ఇష్యూలు. నింపడానికి ప్రతి అభిప్రాయంలో చివరి రెండు మూడు పేజీలు చాలు. ఇక్కడ ఒక చిట్కా ఉంది. ముందు పొట్టి అభిప్రాయాలు చదువు. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ రాసినవి కొన్ని పేజీలే, వాటి పనే తాము ఎవరితో దేని మీద ఏకీభవిస్తున్నామో చెప్పడం. అవి చదివితే పెద్ద అభిప్రాయాల్లో ఏ భాగాలకు బలం ఉందో ముందే తెలిసిపోతుంది.

నింపితే ఇలా వస్తుంది. చంద్రచూడ్ తనకూ జస్టిస్ మనోజ్ మిశ్రాకూ కలిపి రాశారు, వర్గీకరణ చేయొచ్చు అన్నారు. జస్టిస్ గవాయ్ విడిగా, అందరికంటే పొడుగ్గా రాశారు, చేయొచ్చు అన్నారు. విక్రమ్ నాథ్, పంకజ్ మిత్తల్, శర్మ ముగ్గురూ ఆ మాటతో కలిశారు. జస్టిస్ బేలా త్రివేది ఒక్కరే కుదరదన్నారు. అంటే 6:1. ఇప్పుడు ఇష్యూల వరస చివర ఇంకో గడి గీసి "క్రీమీలేయర్" అని రాయి. గవాయ్, విక్రమ్ నాథ్, మిత్తల్, శర్మ, ఈ నలుగురు ఎస్సీల్లోనూ క్రీమీలేయర్‌ను, అంటే ఇప్పటికే పైకొచ్చినవాళ్ళను, తీసేయాలన్న అర్థంలో మాట్లాడారు. చంద్రచూడ్, మిశ్రా గడుల్లో ఏమీ రాయకు, వాళ్ళు ఆ విషయం తేల్చలేదు. త్రివేది అసలు వర్గీకరణకే ఒప్పుకోలేదు.

ఆ గడిని అలా ఉంచు, మళ్ళీ వద్దాం. ఈ తీర్పులో మార్కులు పోయేది అక్కడే.

నాలుగో పని లోపల చదవడం. ముందు చంద్రచూడ్ అభిప్రాయం చివరి భాగం, తర్వాత ఇష్యూలు, ఆ తర్వాతే మధ్యలో విశ్లేషణ. ముగింపు తెలిసి చదివితే ప్రతి పేరా ఎటు తీసుకెళ్తోందో కనబడుతుంది. ఇదేం సస్పెన్స్ సినిమా కాదు గదా, క్లైమాక్స్ ముందే చూసినా నష్టం లేదు.

చదివేటప్పుడు ప్రతి పేరా పక్కన ఒకే ఒక్క అక్షరం వేస్తూ పో. వాదన అయితే "వా", పాత తీర్పు చెప్పినదైతే "పా", కోర్టు సొంత మాట అయితే "కో". ఎందుకంటే పొడుగు తీర్పుల్లో ఎవరి గొంతు వినబడుతోందో తప్పిపోవడం చాలా తేలిక. పిటిషనర్ తరఫు వాదన పేజీల కొద్దీ నడుస్తుంది, ప్రతి వాక్యమూ చట్టం చెబుతున్నట్టే ఉంటుంది. వాదనల భాగం మొదట్లో "సీనియర్ కౌన్సెల్ ఇలా సబ్మిట్ చేశారు" అని ఒక్కసారే అంటారు. తర్వాత వచ్చే పది ఉపపేరాల్లో ఆ గుర్తు ఉండదు. నువ్వు మధ్యలో దిగితే కోర్టే అంటోందనుకుంటావు. కోర్టు సొంత గొంతుకు గుర్తులు వేరు: "మా అభిప్రాయంలో", "మేము తేల్చేదేమంటే", "కాబట్టి ఈ వాదనను అంగీకరించలేం". పీడీఎఫ్‌లో Ctrl+F కొట్టి `we hold`, `in our view`, `we are unable` వెతికితే అలాంటి చోట్లు త్వరగా దొరుకుతాయి. వాదనల భాగం మొత్తం మొదటిసారి వదిలేయొచ్చు. విశ్లేషణలో కోర్టు ఏదైనా వాదనను పేరు పెట్టి తోసిపుచ్చితే అప్పుడు వెనక్కి వెళ్ళి ఆ ఒక్కటి చూడు.

పాత తీర్పుల భాగంలో ఎక్కువ మంది మునిగిపోతారు. ఈ అభిప్రాయాల్లో డజన్ల కొద్దీ కేసులొస్తాయి. అన్నీ రాసుకోవద్దు. కోర్టు ఒక పాత కేసుతో మూడు పనుల్లో ఒకటి చేస్తుంది: దాని మీద నిలబడుతుంది, ఇది వేరు అని పక్కన పెడుతుంది, లేదా కొట్టేస్తుంది. ఈ మూడింటిలో ఏదీ జరగని కేసు బ్రీఫ్‌లోకి రాదు. ఇక్కడ కొట్టేసింది చిన్నయ్యను. నిలబడింది ప్రధానంగా ఇంద్రా సహానీ మీద, అంటే 1992లో తొమ్మిది మంది ఇచ్చిన మండల్ తీర్పు మీద.

ఈ ఇంద్రా సహానీ సంగతి కొంచెం దగ్గరగా చూడు, తీర్పు చదవడం అంటే ఏమిటో అక్కడ బాగా తెలుస్తుంది. ఆ తీర్పు వెనకబడిన తరగతులను వెనకబడినవి, మరీ వెనకబడినవి అని విడగొట్టడానికి ఒప్పుకుంది. అయితే అందులోనే ఒకచోట, ఈ చర్చ ఇతర వెనకబడిన తరగతులకే పరిమితం, ఎస్సీ ఎస్టీలకు సంబంధం లేదు అన్న అర్థంలో ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం విడిగా తీసుకుంటే వర్గీకరణ ఎస్సీలకు వర్తించదనే అనిపిస్తుంది. కానీ దాని పైన ఉన్న పేరాలు చదివితే, అక్కడ నడుస్తున్న చర్చ క్రీమీలేయర్ గురించి, వర్గీకరణ గురించి కాదు. అందుకే ఏ పేరా కోట్ చేసినా దాని పైది, కిందిది చదివిన తర్వాతే కోట్ చెయ్యి. కోచింగ్ నోట్స్‌లో వాక్యం ఉంటుంది, పైదీ కిందిదీ ఉండవు.

చంద్రచూడ్ తర్కం చివరికి రెండు అడుగులు. ఒకటి: సమానత్వం అంటే ఒకే స్థితిలో ఉన్నవాళ్ళను ఒకేలా చూడటం. ఎస్సీలు అందరూ ఒకే స్థితిలో లేరని చరిత్ర, లెక్కలు చూపిస్తున్నాయి, కాబట్టి 14వ అధికరణం విభజనకు అడ్డు రాదు. రెండు: 341వ అధికరణం జాబితా ఎవరు ఎస్సీయో గుర్తించడానికే ఉంది, ఆ జాబితాలో ఉన్నంత మాత్రాన అన్ని కులాలూ ఒకేలా ఉన్నాయని భావించమని చెప్పదు. లోపల గ్రూపులు చేస్తే ఏ కులమూ జాబితాలోకి రాదు, బయటికి పోదు, కాబట్టి పార్లమెంటు అధికారాన్ని రాష్ట్రం లాక్కున్నట్టు కాదు. ఈ రెండు అడుగులూ నీ మాటల్లో రాయగలిగితే ఆ అభిప్రాయం నీకు వచ్చినట్టే. గవాయ్ అభిప్రాయంలో రాజ్యాంగ సభ చర్చలు, అంబేద్కర్ మాటలు చాలా ఉన్నాయి. తీరిగ్గా చదువుకోదగినవే, కానీ బ్రీఫ్ కోసం ఆయన తేల్చిన చోట్లు చాలు.

ఇప్పుడు ఐదో పని, రేషియో ఏది, ఒబిటర్ ఏది అని విడదీయడం. రేషియో అంటే తీర్పు ఏ సూత్రం మీద నిలబడిందో అది. ఓట్ల పట్టికలో వదిలేసిన గడికి వద్దాం.

తీర్పు వచ్చిన మర్నాడు చాలా చోట్ల "ఎస్సీల్లోనూ క్రీమీలేయర్ అమలు చేయాలన్న సుప్రీం" అన్న ధోరణిలో హెడ్డింగులు కనబడ్డాయి. పట్టిక చూస్తే అది నిజమే అనిపిస్తుంది, ఏడుగురిలో నలుగురు గదా. కానీ ఓట్లు లెక్కపెట్టడానికి ముందు, ఆ ప్రశ్న అసలు ఓటుకు వచ్చిందా అని చూడాలి. నువ్వు కాగితం పైన రాసుకున్న నాలుగు ఇష్యూలు చూడు, క్రీమీలేయర్ లేదు. పంజాబ్ సెక్షన్ 4(5) చూడు, అందులోనూ లేదు.

దీనికి జూరిస్‌ప్రుడెన్స్ క్లాసులో చెప్పే వాంబా పరీక్ష ఉంది. కోర్టు అన్న వాక్యాన్ని తిరగేసి చూడు, ఫలితం మారితే అది రేషియో వైపు, మారకపోతే ఒబిటర్. ముందు 341 మీద వాక్యం తీసుకో. "జాబితా ఎస్సీలను ఒకే తరగతిగా చేయదు" అన్నదాన్ని "చేస్తుంది" అని తిరగెయ్యి. చిన్నయ్య నిలబడుతుంది, పంజాబ్ ఓడిపోతుంది, తీర్పు తలకిందులవుతుంది. కాబట్టి ఆ వాక్యం రేషియో. ఇప్పుడు "ఎస్సీల్లో క్రీమీలేయర్‌ను గుర్తించాలి" అన్నదాన్ని "గుర్తించకూడదు" అని తిరగెయ్యి. వర్గీకరణ చెల్లుతుంది అన్న జవాబు ఒక్క అక్షరం కూడా మారదు. కాబట్టి నలుగురు అన్నా అది ఒబిటర్ కిందికే వస్తుంది. బరువున్న ఒబిటర్, రేపు ఎవరైనా కేసు వేస్తే మొదట కోట్ చేసేది దాన్నే. కానీ బ్రీఫ్‌లో "తేల్చినది" అన్న శీర్షిక కింద రాస్తే తప్పు.

ఈ పరీక్ష ప్రతిచోటా ఇంత సాఫీగా పనిచేయదు. నాలుగో ఇష్యూ చూడు, హద్దుల గురించి. రాష్ట్రం ఇష్టమొచ్చినట్టు విభజించకూడదు, ఆ కులానికి తగిన ప్రాతినిధ్యం లేదని లెక్కలతో చూపించాలి, కోటా మొత్తం ఒకే గ్రూపుకు కట్టబెట్టకూడదు అన్నారు. దీన్ని తిరగేస్తే "వర్గీకరణ చేయొచ్చు" అన్న జవాబు మారదు, మరి ఇది కూడా ఒబిటరేనా? నేను అలా రాయను. ఇది ధర్మాసనం తానే వేసుకున్న ప్రశ్నకు ఇచ్చిన జవాబు. పైగా వర్గీకరణ చేయొచ్చు అన్న మాటే ఈ హద్దులతో కలిపి చెప్పింది. అందుకని "షరతులు" అని విడిగా ఒక వరస పెట్టి, ఎవరెవరు ఏ షరతు అన్నారో పక్కన జడ్జి అక్షరం వేస్తాను. మీ మేడం ఒప్పుకోకపోతే వాదించు, వాదించదగిన చోటే అది.

ఆరో పని భిన్నాభిప్రాయం. త్రివేది అభిప్రాయాన్ని "ఒకరే కదా" అని దాటేయకు, వైవాలో అడిగేది ఎక్కువగా దాన్నే. అలాగని మొత్తం సారాంశం రాయనక్కర్లేదు. మెజారిటీతో దారి ఎక్కడ చీలిందో ఆ ఒక్క చోటు పట్టుకుంటే చాలు. మెజారిటీ దృష్టిలో లోపల గ్రూపులు చేయడం జాబితాను మార్చడం కాదు. ఆమె దృష్టిలో కొన్ని కులాలకు ముందు ఇవ్వడమంటే మిగతావాటికి ఆ మేరకు ప్రయోజనం తీసేయడమే, అది జాబితాతో చెలగాటమే, 341(2) ప్రకారం ఆ అధికారం పార్లమెంటుది. అంటే గొడవంతా "మార్చడం" అంటే ఎంతవరకు అన్న దాని మీదే. ఇంకో అభ్యంతరం కూడా ఉంది: సరైన కారణాలు చెప్పకుండానే 2014లో ముగ్గురి ధర్మాసనం చిన్నయ్యను పునఃపరిశీలనకు పంపిందని ఆమె తప్పుపట్టారు. ప్రొసీజర్ మీద ఆసక్తి ఉంటే అది ఒక వాక్యంలో చేర్చు.

ఇక రాయడం. పీడీఎఫ్ మూసేసి రాయి. తెరిచి ఉంటే చేయి కోర్టు వాక్యాలనే ఎత్తి రాస్తుంది, బ్రీఫ్ నాలుగు పేజీలవుతుంది. మూసేసి రాసి, పేరా నంబర్ల కోసం మాత్రం మళ్ళీ తెరువు. గుర్తు రాని చోటు ఉంటే అది ఇంకా అర్థం కాలేదని లెక్క, ఆ భాగమే మళ్ళీ చదువు. నేను రాస్తే ఇలా ఉంటుంది, పేరా నంబర్లు నువ్వే నింపుకో:

కేసు: పంజాబ్ వర్సెస్ దవీందర్ సింగ్, 2024 INSC 562. ఏడుగురు, 6:1, ఆరు అభిప్రాయాలు.

వాస్తవాలు: పంజాబ్ 2006 చట్టం సెక్షన్ 4(5) ఎస్సీ ఖాళీల్లో సగం మొదటి ప్రాధాన్యంగా వాల్మీకి, మజహబీ సిక్కులకు ఇచ్చింది. చిన్నయ్య (2004, ఐదుగురు) ఆధారంగా 2010లో హైకోర్టు కొట్టేసింది. చిన్నయ్య సరైనదేనా అన్న సందేహంతో 2020లో ఏడుగురికి రిఫరెన్స్.

ప్రశ్న: రాష్ట్రం ఎస్సీలను లోపల వర్గీకరించవచ్చా? 14, 15, 16, 341 అధికరణాలు అడ్డు వస్తాయా?

తేల్చినది: వర్గీకరించవచ్చు. చిన్నయ్య ఇక చెల్లదు.

కారణం: ఎస్సీలు ఒకే తీరు సమూహం కాదు. 341 జాబితా గుర్తింపు కోసమే, లోపలి గ్రూపులతో జాబితా మారదు. ఇంద్రా సహానీ తర్కం ఓబీసీలకే పరిమితం కాదు.

షరతులు: ప్రాతినిధ్యం తక్కువని లెక్కలుండాలి. మొత్తం కోటా ఒకే గ్రూపుకు ఇవ్వకూడదు. కోర్టు సమీక్షకు లోబడాలి.

ఒబిటర్: క్రీమీలేయర్ మీద నలుగురి మాటలు (గ., వి., పం., శ.). ఇష్యూల్లో లేదు.

భిన్నాభిప్రాయం (త్రివేది): ప్రాధాన్యం ఇవ్వడమే జాబితాను మార్చడం, ఆ అధికారం పార్లమెంటుకే.

ఇంతే. చదవడానికి రెండు నిమిషాలు పట్టాలి. "తేల్చినది" అన్న వరస రెండు వాక్యాలు దాటితే రేషియోలోకి కారణాలు జారిపోయాయని అర్థం. రిఫరెన్స్ కేసుల్లో ఇంకో జాగ్రత్త ఉంది. పెద్ద ధర్మాసనం పని ప్రధానంగా తనకు పంపిన ప్రశ్నలకు జవాబివ్వడం. అందుకని "పంజాబ్ గెలిచింది" అని రాసే ముందు ప్రతి అభిప్రాయం చివర ఆదేశాలు చూడు. ప్రశ్నకు జవాబు వచ్చిందా, ఆ సెక్షన్ గతి కూడా అక్కడే తేలిందా అన్నవి రెండు వేర్వేరు సంగతులు.

నీకేం అనిపించిందో కూడా రాసుకో, కానీ మార్జిన్‌లో. మన ఊళ్ళలో ఈ విషయం మీద ప్రతివాళ్ళకీ ఒక పక్షం ఉంటుంది, నీకూ ఉంటుంది. అది "కారణం" వరసలోకి దూరితే, కోర్టు చెప్పని బలమైన వాదన ఒకటి నువ్వే కోర్టు నోట్లో పెడతావు.

చివరగా కాగితం అడుగున "తర్వాత" అని ఒక గీత గీసి ఖాళీ ఉంచు. తీర్పు తర్వాత జరిగినవి అక్కడికే పోవాలి, పైన కలపకూడదు. ఇప్పటికి రెండు రాయొచ్చు: తెలంగాణ 2025 ఏప్రిల్ 14న తన వర్గీకరణ చట్టాన్ని అమల్లోకి తెచ్చి ఎస్సీలను మూడు గ్రూపులు చేసి 15 శాతాన్ని 1, 9, 5గా పంచింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్‌తో మూడు గ్రూపులకు 1, 6.5, 7.5 ఇచ్చింది. రెండు చోట్లా ముందు కమిషన్ వేసి లెక్కలు తీశారు. ఎందుకు తీశారో "షరతులు" వరస చూస్తే నీకు తెలిసిపోతుంది, వైవాలో ఈ ప్రశ్న వచ్చే అవకాశం బాగా ఉంది.

రాశాక బ్రీఫ్ ఫొటో తీసి పంపు. ఓట్ల పట్టిక కూడా పంపడం మర్చిపోకు, నేను ముందు దాన్నే చూస్తాను.

నీ
మాధవి